కూర్చుంటే 96, నడిస్తే 82

పోయిన వారం మా బంధువుల అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల నాన్నగారికి ఏడాదిగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. "కానీ అక్కా, వేలికి పెట్టి చూశారు, 97 వచ్చింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయట. వయసు వల్లే అన్నారు" అని చెప్పింది. గొంతులో టెన్షన్ తగ్గిన మనిషి ధోరణి ఉంది. ఆ నిశ్చింత పాడు చేయడం నాకిష్టం లేదు, అయినా అడగక తప్పలేదు. "ఆ 97 చూసినప్పుడు ఆయన కూర్చుని ఉన్నారా, నడిచి వచ్చారా?"

కాసేపు అవతల నుంచి మాట లేదు. కూర్చునే ఉన్నారట. వరసలో అరగంట కూర్చున్నాక లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి క్లిప్పు పెట్టి చూశారట.

నేను శ్వాస పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. నాకు గట్టిగా ఉన్న అభిప్రాయం ఒకటుంది. ఆయాసం అని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి తీసిన ఆక్సిజన్ అంకెను చూసి "ఊపిరితిత్తులు బాగున్నాయి" అనేయడం తప్పు. ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టే పల్మనరీ ఫైబ్రోసిస్ విషయంలో మరీ తప్పు, ఎందుకంటే కూర్చున్న మనిషిలో ఆ జబ్బు చాలాకాలం కనబడకుండా ఉండగలదు. దీన్ని నేను పనిలోనే నేర్చుకుని ఉండాల్సింది. నిజానికి మా మామయ్య వల్ల నేర్చుకున్నాను.

మామయ్య కాగితాలు

మామయ్య రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు 64 ఏళ్లప్పుడు మొదలైంది. ముందు దగ్గు, కఫం లేని దగ్గు. తర్వాత బకెట్ నీళ్లు మోస్తే ఆయాసం. ఆ తర్వాత మాట్లాడుతూ నడవలేకపోవడం. గుండెకు ఎకో తీశారు, బాగుంది. ఆక్సిజన్ 96, బాగుంది. ఊదుడు పరీక్ష చేశారు, దాని మీద "అడ్డంకి లేదు" అని రాసి ఉంది. అయినా ఇన్‌హేలర్ ఇచ్చారు. 14 నెలలు వాడాడు. తగ్గలేదంటే డోసు పెంచారు.

ఆ కాగితాలన్నీ పట్టుకుని ఒకరోజు మా ఇంటికొచ్చాడు. గేటు నుంచి హాలు దాకా వచ్చి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. మాట్లాడలేదు. నిమిషం తర్వాత, "ఏం లేదమ్మా, పూర్తిగా పీల్చుకోలేకపోతున్నాను. సగంలోనే ఎవరో ఆపేసినట్టు ఉంటోంది" అన్నాడు. ఆస్తమా ఉన్నవాళ్లు సాధారణంగా ఇలా చెప్పరు. గాలి బయటికి పోవడం లేదనో, ఛాతీలో పిల్లికూతలనో అంటారు. లోపలికి పూర్తిగా పోవడం లేదు అనే మాట వేరు.

ఊదుడు పరీక్ష కాగితం చూశాను. గట్టిగా ఊదితే మొత్తం బయటికి వచ్చిన గాలి, అంటే ఎఫ్‌వీసీ, 2.3 లీటర్లు. ఆయన ఎత్తుకూ వయసుకూ 3.5 ఉండాలి. మొదటి సెకనులో వచ్చింది, అంటే ఎఫ్‌ఈవీ1, 1.95 లీటర్లు. రెంటి నిష్పత్తి 85 శాతం. ఆస్తమాలోనూ పొగతాగేవాళ్లకు గాలి గొట్టాలు ఇరుకై వచ్చే సీఓపీడీలోనూ పడిపోయేది ఈ నిష్పత్తే. 85 అంటే ఎక్కడా అడ్డంకి లేదన్నట్టే, కాబట్టి రిపోర్టు రాసినవాళ్లు ఆ వాక్యం వరకూ తప్పు రాయలేదు. కానీ 64 ఏళ్ల మనిషికి ఆ నిష్పత్తి 77, 78 దగ్గర ఉండాలి. 85 అంటే బాగుందని కాదు, ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని. అలా ఎందుకుంటుందో ఎవరూ అడగలేదు.

పక్కనే ఎఫ్‌వీసీ 66 శాతం అని కనబడుతూనే ఉంది. దాని ఎదురుగా చేత్తో రాసిన మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. "ప్రయత్నం చాలలేదు." దగ్గు వచ్చి మధ్యలో ఆగిపోయాడట, అందుకని సరిగ్గా ఊదలేదని తీర్మానించారు. మా పనిలో అందరికీ ఉన్న అలవాటిది, నేనూ అలా రాసినదాన్నే. సరిగ్గా ఊదని మనిషికి ఊదుడు యంత్రం గీసే గీత నీరసంగా లేస్తుంది, ఒకసారి ఊదినదానికీ మరోసారి ఊదినదానికీ పొంతన ఉండదు. మామయ్య గీత అలా లేదు. నిటారుగా లేచి, వెంటనే దిగిపోయింది. పొడుగ్గా, సన్నగా ఉంది. మూడుసార్లు ఊదితే మూడూ 100 మిల్లీలీటర్ల తేడాలోపే వచ్చాయి. మనసు పెట్టని మనిషి మూడుసార్లు ఒకేలా ఊదలేడు. ఊపిరితిత్తి చిన్నదైపోతే అలాంటి గీత వస్తుంది.

బిగుసుకున్న ఊపిరితిత్తి

ఊపిరితిత్తుల్లో గాలి సంచులకూ వాటిని అల్లుకున్న రక్త కేశనాళికలకూ మధ్య పల్చటి జాగా ఉంటుంది. దాన్నే ఇంటర్‌స్టీషియం అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గాలికీ రక్తానికీ మధ్య మొత్తం పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఫైబ్రోసిస్‌లో ఈ జాగాలో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పీచులాంటి కొల్లాజెన్‌ని పోస్తూ పోతాయి. గాయం మానాక ఆగాల్సిన పని ఆగకుండా సాగుతుంది. మచ్చ కట్టిన చర్మం ఎలా సాగదో ఆ ఊపిరితిత్తీ అలా సాగదు.

సాగే గుణాన్ని కంప్లయన్స్ అంటారు. కొంచెం లెక్క చెబుతాను, మామయ్యకు నేను చెప్పినట్టే. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు ఒక సెంటీమీటర్ నీటి ఒత్తిడికి సుమారు 200 మిల్లీలీటర్లు సాగుతాయి. మామూలు ఊపిరి అర లీటరు. అంటే రెండున్నర సెంటీమీటర్ల ఒత్తిడి చాలు, మనకు తెలియను కూడా తెలియదు. అదే కంప్లయన్స్ 50కి పడిపోయిందనుకుందాం. అదే అర లీటరుకు 10 సెంటీమీటర్లు లాగాలి. ప్రతి ఊపిరికీ నాలుగింతల ఒత్తిడి, రోజంతా, నిద్రలో కూడా.

అంత కష్టం పడలేక శరీరం దారి మారుస్తుంది. లోతుగా పీల్చడం మానేసి పైపైన, త్వరత్వరగా పీలుస్తుంది. ఇందులో నష్టం ఉంది. ప్రతి ఊపిరిలోనూ సుమారు 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఉండిపోతాయి, గాలి సంచుల దాకా పోవు. అర లీటరు చొప్పున నిమిషానికి 12 సార్లు పీలిస్తే సంచులకు చేరేది 350 చొప్పున మొత్తం 4,200 మిల్లీలీటర్లు. ఊపిరి 300కి తగ్గితే చేరేది 150 మాత్రమే, కాబట్టి అదే 4,200 కోసం నిమిషానికి 28 సార్లు పీల్చాలి. ఇది కూర్చున్నప్పటి అవసరం. నడిస్తే ఇంకా కావాలి. లోతు పెంచడానికి ఊపిరితిత్తి సాగదు, కాబట్టి వేగమే పెరగాలి. కుర్చీ వీపు పట్టుకుని మామయ్య మాట్లాడలేకపోయింది అందుకే. మాట్లాడాలంటే ఊపిరి ఆపాలి, ఆపితే లెక్క తప్పుతుంది.

మామయ్య ఈ లెక్క విని చాలాసేపు కాగితం చూస్తూ కూర్చున్నాడు. "అయితే నేను బద్ధకిస్తున్నానని మీ అత్తయ్య అనుకోవడం తప్పన్నమాట" అన్నాడు. అత్తయ్య పక్కనే ఉంది. ఆవిడ ముఖం నాకు గుర్తుంది.

ఇక ఆ 85 శాతం సంగతి. బిగుసుకున్న కణజాలం చుట్టూ ఉన్న గాలి గొట్టాలను అన్ని వైపుల నుంచీ బయటికి లాగి పట్టుకుంటుంది. గొట్టాలు తెరుచుకునే ఉంటాయి. పైగా బిగుతు రబ్బరులాగా ఊపిరితిత్తి వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టి ఉన్న కాస్త గాలీ చటుక్కున బయటికొస్తుంది. అందుకే నిష్పత్తి ఆరోగ్యవంతుల కంటే మెరుగ్గా కనబడుతుంది. అంటే జబ్బే ఆ అంకెను అందంగా చూపిస్తోంది.

ఊదుడు పరీక్ష ఒక్కదానితో ఊపిరితిత్తి చిన్నదైందని తేల్చలేమనే మాటా చెప్పాలి. పూర్తిగా ఊదాక కూడా లోపల మిగిలే గాలిని ఆ యంత్రం కొలవలేదు. గాజు పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి మొత్తం పరిమాణం కొలవాలి. మామయ్యకు మా ల్యాబ్‌లో కొలిచాం. 5.8 లీటర్లు ఉండాల్సినచోట 3.6. దానితో అనుమానం పోయింది. ఇది రిస్ట్రిక్టివ్ జబ్బు, అంటే ఊపిరితిత్తి పూర్తిగా నిండలేని జబ్బు.

ముప్పావు సెకను

ఊపిరితిత్తులు ఇంత చిన్నవై, ఇంత బిగుసుకున్నా కూర్చున్నప్పుడు 96 ఎలా వచ్చింది?

విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్రకణం ఊపిరితిత్తి కేశనాళికలో ఉండేది సుమారు ముప్పావు సెకను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆక్సిజన్ నిండడానికి పావు సెకను చాలు. మిగిలిన అర సెకను ఊరికే ఉంటుంది, పొదుపు చేసి పెట్టుకున్నట్టు. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందమైతే నిండడానికి పావు బదులు అర సెకనో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. అయినా కూర్చున్నప్పుడు ముప్పావు సెకను ఉంది కదా, నిండిపోతుంది. ఖర్చవుతున్నది పొదుపు. బయటికి మాత్రం 96 అనే కనబడుతుంది.

నడవగానే గుండె వేగం పెరిగి రక్తం ఉరుకుతుంది. ఎర్రకణానికి దొరికే సమయం తగ్గుతుంది, బాగా శ్రమపడితే పావు సెకను దాకా. ఆరోగ్యవంతులకు అప్పటికీ సరిపోతుంది. మామయ్యకు సరిపోదు. పైగా కండరాలు ఎక్కువ ఆక్సిజన్ వాడేసుకోవడంతో ఊపిరితిత్తికి తిరిగొచ్చే రక్తం మరీ ఖాళీగా వస్తుంది. నింపాల్సింది ఎక్కువ, సమయం తక్కువ, గోడ మందం. మూడూ ఒకేసారి వచ్చి పడతాయి.

ఇంకో మోసం కూడా ఉంది. వేలికి పెట్టే క్లిప్పు హిమోగ్లోబిన్ ఎంత శాతం నిండిందో చూపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి ఎంతో చూపించదు. ఒత్తిడి 95 మిల్లీమీటర్ల పాదరసం నుంచి 70కి పడిపోయినా శాతం 97 నుంచి 94 దాకా మాత్రమే దిగుతుంది. ఒత్తిడి 60 దగ్గరికి వచ్చాక గానీ 90కి రాదు. అక్కడి నుంచి మాత్రం జారుడే. మామయ్యకు ధమని రక్తం తీసి చూస్తే ఆక్సిజన్ ఒత్తిడి 74, కార్బన్ డయాక్సైడ్ 34 వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గర ఉండాలి. అది ఆక్సిజన్ కంటే సుమారు 20 రెట్లు తేలిగ్గా గోడ దాటుతుంది కాబట్టి పేరుకోదు. ఎడాపెడా ఊపిరి తీయడం వల్ల ఇంకా తగ్గిపోతుంది. ఆ 34ను బట్టి లెక్కేస్తే గాలి సంచుల్లో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 107. రక్తంలోకి చేరింది 74. తేడా 33. ఆయన వయసుకు 20 ఉంటే సరే అనుకోవచ్చు. క్లిప్పు మీద 96 కనబడుతున్న నిమిషంలోనే రక్తంలో ఈ తేడా ఉంది.

తర్వాత డీఎల్‌సీఓ చేశాం. ఊపిరితిత్తి వాయువును రక్తానికి ఎంత బాగా అందిస్తోందో చెప్పే పరీక్ష ఇది. చాలా కొద్దిగా, 0.3 శాతం, కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి పీల్చి, 10 సెకన్లు బిగపట్టి వదలాలి. ఎంత మాయమైందో యంత్రం కొలుస్తుంది. మోనాక్సైడ్‌ని హిమోగ్లోబిన్ వెంటనే పట్టేసుకుంటుంది కాబట్టి ఆ లెక్కలో గోడ సంగతి బయటపడుతుంది. మామయ్య రెండుసార్లు ఏడో సెకనుకే దగ్గేశాడు. ప్రతిసారికీ మధ్య నాలుగు నిమిషాలు ఆగాలి. మూడోసారి, నాలుగోసారి నిలబడ్డాడు. ఉండాల్సిన దానిలో 42 శాతం వచ్చింది. ఆ అంకె తెర మీద చూసి, ఎదురుగా కూర్చున్న ఆయన్ను చూడలేక, ప్రింటర్‌లో కాగితం ఉందో లేదో చూడ్డానికన్నట్టు లేచాను.

చివరికి కారిడార్. 30 మీటర్ల పొడవు, ఆరు నిమిషాలు, తన వేగంతో నడవాలి. మొదలుపెట్టినప్పుడు 96. రెండో నిమిషానికి 91. నాలుగో నిమిషానికి 86. ఆరు నిమిషాలు పూర్తయ్యేసరికి 82. నడిచింది 350 మీటర్లు. కుర్చీలో కూర్చోబెట్టాక మూడు నిమిషాల్లో మళ్లీ 95. ఆ మూడు నిమిషాల తర్వాత ఎవరైనా గదిలోకి వచ్చి క్లిప్పు పెట్టి ఉంటే "బాగానే ఉంది" అనే అనేవారు. 14 నెలలు జరిగింది అదే.

గోడ కథలో లోపం

ఇంతవరకూ గోడ మందమైంది, ఆక్సిజన్ దూరడం లేదు అన్నట్టు చెప్పుకొచ్చాను. ఏళ్ల తరబడి పేషెంట్లకు నేనలాగే చెప్పాను. తేలిగ్గా అర్థమవుతుంది. కానీ అది సగం నిజమే.

మా ల్యాబ్‌కు వచ్చే పల్మనాలజిస్టు ఒకాయన నా వివరణ విని బయటికి పిలిచి చెప్పారు. "కూర్చున్నప్పుడు ఆక్సిజన్ తగ్గడానికి ముఖ్య కారణం గోడ మందం కాదమ్మా. కొన్నిచోట్ల గాలి వెళ్తుంది, రక్తం వెళ్లదు. కొన్నిచోట్ల రక్తం వెళ్తుంది, గాలి వెళ్లదు. ఈ పొంతన లేకపోవడమే ఎక్కువ." గోడ దాటలేకపోవడం నడిచినప్పుడు గట్టిగా వచ్చి కలుస్తుందన్నారు. డీఎల్‌సీఓ తగ్గడానికి కూడా గోడ ఒక్కటే కారణం కాదు. మచ్చ కట్టినచోట కేశనాళికలే పోతాయి, గాలి సంచులు పోతాయి. తలుపు గట్టిపడటం ఒకటి, తలుపుల సంఖ్యే తగ్గిపోవడం ఇంకొకటి. పరీక్షలో రెండూ ఒకే అంకెగా వస్తాయి.

మొదట నాకు ఇబ్బందిగా అనిపించింది. అలవాటైన కథ చేజారింది. ఆలోచించాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. కేశనాళికలు తగ్గిపోతే ఉన్న కొద్దిపాటి దారుల్లోంచే రక్తమంతా పోవాలి. కాబట్టి ఒక్కో కణానికి దొరికే సమయం కూర్చున్నప్పుడే తక్కువ, నడిస్తే మరీ తక్కువ. కారణాన్ని గోడ అన్నా, దారులు మూసుకుపోవడం అన్నా, బయటపడేది నడకలోనే.

అయితే నడక పరీక్షకు నేను ఇవ్వలేని గౌరవం ఒకటుంది. నడిస్తే పడిపోయిందంటే ఫైబ్రోసిస్ అని అర్థం కాదు. గాలి సంచులు చితికిపోయే ఎంఫిసీమాలో పడుతుంది, ఊపిరితిత్తి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగినా పడుతుంది. చల్లటి వేళ్లు, నల్ల గోరింటాకు, నడకలో చెయ్యి ఊగడం, ఇవన్నీ క్లిప్పును తికమక పెడతాయి. నల్లటి చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు కూడా. ఫైబ్రోసిస్ ఉన్న చాలామందికి వేలి చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగుతాయి, ఆ వేళ్ల మీద క్లిప్పు సరిగ్గా కూర్చోదు. అందుకే మేం అంకెతో పాటు నాడి అల తెర మీద సాఫీగా వస్తోందా అని కూడా చూస్తాం. అల గజిబిజిగా ఉంటే అంకెను నమ్మం.

అవతలి వైపు కూడా అంతే. ఇంట్లో నడిపిస్తే పడలేదు కాబట్టి జబ్బు లేదు అనుకోకూడదు. తొలి దశలో నడిచినా నిలబడేవాళ్లున్నారు. పొగతాగిన కొందరికి ఎంఫిసీమా, ఫైబ్రోసిస్ రెండూ కలిసి ఉంటాయి. ఒకటి ఊపిరితిత్తిని ఉబ్బిస్తుంది, ఇంకొకటి కుదిస్తుంది. పరిమాణం మామూలుగా కనబడుతుంది, డీఎల్‌సీఓ మాత్రం దారుణంగా పడిపోతుంది. ఊదుడు పరీక్షను మాత్రమే నమ్మేవాళ్లకు వీళ్లు పూర్తిగా తప్పించుకుంటారు.

తేల్చేది హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపించే సీటీ స్కాన్. మామయ్య స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగున, అంచుల వెంబడి తేనెపట్టులాంటి గళ్లు కనిపించాయి. లాగి పట్టుకున్న గొట్టాలు కూడా వెడల్పై కనిపించాయి. ఆ 85 శాతానికి బొమ్మ రూపం అది. స్టెతస్కోపు వీపు కింది భాగంలో పెడితే లోపలికి పీల్చే చివర్లో వెల్‌క్రో పట్టీ ఊడదీసిన చప్పుడు వినబడుతుంది. నేను డాక్టర్ని కాదు, కానీ ఆ చప్పుడు నాకూ వినబడింది. 14 నెలల్లో ఎవరైనా చొక్కా పైకెత్తించి అక్కడ పెట్టి విన్నారా అని అడిగాను. మామయ్యకు గుర్తు రాలేదు. ముందు వైపు, చొక్కా మీంచే పెట్టారన్నాడు.

తెలిసి ఏం చేస్తాం?

నా వాదనకు బలమైన అడ్డుప్రశ్న డాక్టర్ల నుంచి రాలేదు, అత్తయ్య నుంచి వచ్చింది. "ఏడాది ముందు తెలిస్తే ఏడాది ముందు నుంచి భయపడేవాళ్లం. మందు లేని జబ్బని నువ్వే అంటున్నావుగా."

కట్టిన మచ్చ కరగదు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. ఆ మాట దాచి మాట్లాడలేను. కానీ మందు అసలే లేని కాలం కాదిది. ఒకప్పుడు ఇది వాపు జబ్బనుకుని స్టెరాయిడ్లూ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులూ కలిపి ఇచ్చేవారు. 2011లో ఒక పరీక్షలో ఆ కలయిక తీసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువని తేలడంతో దాన్ని మధ్యలో ఆపేశారు. 2014లో పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి మచ్చను మాన్పవు, మచ్చ పడే వేగాన్ని తగ్గిస్తాయి. నింటెడానిబ్ మీద చేసిన ఒక పరీక్షలో మందు లేనివాళ్లు ఏడాదికి సగటున సుమారు 240 మిల్లీలీటర్ల ఎఫ్‌వీసీ పోగొట్టుకుంటే, మందు తీసుకున్నవాళ్లు సుమారు 115 పోగొట్టుకున్నారు. విరేచనాలు, వికారం, ఆకలి తగ్గడం లాంటి బాధలు ఉంటాయి. కొందరు తట్టుకోలేక మానేస్తారు.

నేను అత్తయ్యకు చెప్పింది ఇదే. వేగం తగ్గించే మందు ఎప్పుడు మొదలుపెట్టామన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే అది ఆ రోజున ఉన్నదాన్ని మాత్రమే కాపాడుతుంది. ఇన్‌హేలర్ వాడిన ఆ 14 నెలల్లో మామయ్య ఎంత పోగొట్టుకున్నాడో నాకు తెలియదు, సగటు ఆయనకు వర్తించాలని లేదు. సగటు ప్రకారమే అయితే పావు లీటరు పైమాట. 2.3 లీటర్లే ఉన్న మనిషికి పావు లీటరంటే స్నానాల గది దాకా ఆగకుండా వెళ్లడానికీ వెళ్లలేకపోవడానికీ మధ్య తేడా కావచ్చు.

ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు. "నీ లెక్కలు బాగానే ఉంటాయి" అంది. భయంతో గడిపే ఏడాదికి కూడా బరువుంటుందని ఆవిడ ఉద్దేశం. అది తప్పని నేను చెప్పలేకపోయాను. కానీ ఆ 14 నెలలూ మామయ్య భయపడకుండా ఏమీ లేడు. ఊపిరి ఆడకపోవడం నిజమని తనకు తెలుసు, కాగితాలు మాత్రం బాగుందంటున్నాయి. బాగున్న కాగితాలు పట్టుకుని బాగాలేని మనిషి ఉండే భయం ఇంకో రకం. ఆ రోజుల్లో రాత్రిళ్లు లేచి ఆక్సిమీటర్ వేలికి పెట్టుకుని, 96 చూసి, అయితే నాకేమైనా పిచ్చా అనుకునేవాడినని తర్వాత చెప్పాడు.

ఇంకో ఉపయోగం మందుకు సంబంధించింది కాదు. నడిస్తే 82కి పడుతోందని తెలిశాక నడిచేటప్పుడు మాత్రమే ఆక్సిజన్ పెట్టుకోవచ్చు. నడకకు ఎన్ని లీటర్లు కావాలో కూడా నడిపించే తేల్చాలి, కూర్చోబెట్టి కాదు. మామయ్యకు కూర్చున్నప్పుడు అక్కర్లేదు, నడకకు నాలుగు లీటర్లు పెడితే 90 దగ్గర నిలుస్తోంది. మొదట్లో ముక్కుకు గొట్టంతో బయటికి రానన్నాడు. ఇప్పుడు చిన్న సంచీలో సిలిండర్ వేసుకుని సాయంత్రం నడుస్తాడు. మూడేళ్లయింది. ఎఫ్‌వీసీ 1.95కి దిగింది. మాస్టారు కదా, ఒక నోటుబుక్కు పెట్టాడు. అందులో రెండు గళ్లు గీశాడు, ఒకదాని మీద "కూర్చుని", ఇంకోదాని మీద "నడిచి". మొదటి గడి మూడేళ్లుగా దాదాపు అలాగే ఉంది. ఆయన ఊపిరితిత్తుల సంగతంతా రెండో గడిలో ఉంది.

మా బంధువుల అమ్మాయికి ఆ రోజు ఫోన్లో చెప్పాను. ఛాతీ నొప్పి లేకపోతే, నాన్నగారి వేళ్లు కాస్త వెచ్చబరిచి, క్లిప్పు ఉంచుకునే ఇంట్లో ఆరు నిమిషాలు నడిపించు, పక్కనే నువ్వుండు, కళ్లు తిరిగినా 85కి దిగినా ఆపెయ్ అన్నాను. రెండు రోజులకు మెసేజ్ పెట్టింది. మొదట 97. ఐదో నిమిషానికి 88. ఆపేసిందట. "అక్కా, ఇది చల్లటి వేళ్ల వల్ల కావచ్చు కదా?" అని కింద రాసింది. కావచ్చు, అందుకే సరిగ్గా కొలవాలి అని జవాబిచ్చాను. మంగళవారం పొద్దున్నే మా ల్యాబ్‌కు తీసుకొస్తోంది. కారిడార్ ఖాళీగా ఉండే సమయం చూసి రాయించాను.